నాబ్ తిప్పితే తెర మీద ఏం కదలాలి?

పల్లవి మొదలయ్యే ముందు నాలుగు బార్ల పాటు వెనకాల ఒక సింథ్ ప్యాడ్ మోగుతుంటుంది. మొదట్లో మూసుకుపోయినట్టు మందంగా ఉంటుంది. ఒక్కో బారూ గడిచేకొద్దీ తెరుచుకుంటుంది. గాయకుడు పల్లవి అందుకునే వేళకి ఆ శబ్దం హాలంతా నిండిపోతుంది. ఈమధ్య సినిమా పాటల్లో ఇది వినని వాళ్లుండరు. ఇలా శబ్దాన్ని తెరిచే పని ఫిల్టర్‌ది. సింథ్ తెర మీద కటాఫ్ అని ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. దాన్ని ఎడమవైపు చివరి నుంచి కుడివైపుకి నెమ్మదిగా తిప్పితే పై స్థాయి శబ్దాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

దీన్ని మౌస్‌తో కూడా చెయ్యొచ్చు. కటాఫ్‌కి ఒక గీత తెరిచి, ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి కలిపితే సరిపోతుంది. చాలామంది అలాగే చేస్తారు. కానీ తిన్నగా గీసిన గీత తిన్నగానే వినిపిస్తుంది. మూడో బారులో తబలా ఒక దెబ్బ ఎక్కువ వేసినప్పుడు చెయ్యి సహజంగా ఒక క్షణం తగ్గి మళ్లీ పైకి వెళుతుంది. గీతకి ఆ సంగతి తెలియదు. పైగా కటాఫ్ పెరుగుతుంటే రివర్బ్ తగ్గాలనుకోండి, మౌస్ ఒక్కటే, బాణం గుర్తూ ఒక్కటే. రెండు నాబులూ ఒకేసారి తిప్పాలంటే రెండు చేతులు కావాలి, చేతుల కింద నిజమైన నాబులు కావాలి.

అందుకే హోం స్టూడియోల్లో కీబోర్డు పక్కన ఎనిమిది నాబులు, ఎనిమిది ఫేడర్లు ఉన్న చిన్న పెట్టె కనిపిస్తుంది. దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి తగిలిస్తారు. పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్‌ని స్టూడియోల్లో ‘డా’ అంటారు. పెట్టె మీది ఫలానా నాబు, డా లోని ఫలానా ప్లగిన్‌లో ఫలానా పారామీటర్‌ని కదపాలని చెప్పే పద్ధతి పేరు మిడి లెర్న్. చూడ్డానికి రెండు సెకన్ల పని. తెర మీది బొమ్మని ఒకసారి కదిపి, లెర్న్ నొక్కి, చేతి కింది నాబుని తిప్పితే ముడి పడిపోతుంది. అసలు కథంతా ఆ తర్వాత మొదలవుతుంది. రెండు రోజుల తర్వాత ప్రాజెక్టు తెరిస్తే నాబు పనిచెయ్యదు. లేదా ముట్టుకోగానే శబ్దం ఎగిరి దూకుతుంది. లేదా ఒక మీట నొక్కితే సంబంధం లేని పియానో స్వరాలు ఆగకుండా మోగుతాయి. ఇవన్నీ చెడిపోయిన పెట్టె లక్షణాలని చాలామంది అనుకుంటారు. కాదు. ముడి ఎక్కడ పడిందో, ఆ ముడి గుండా ఏం ప్రయాణిస్తుందో తెలిస్తే ఒక్కో దానికీ కారణం దొరుకుతుంది.

ముందుగా ప్రయాణించేది ఏమిటో చూద్దాం. ఆ పెట్టెలో శబ్దం లేదు. టీవీ రిమోట్‌లో బొమ్మ ఎలా ఉండదో ఇదీ అంతే. నాబు తిప్పినప్పుడల్లా అది మూడు చిన్న అంకెలు పంపుతుంది, అంతే. ఒక నాబు సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు తీగలో వెళ్లే సందేశం ఇలా ఉంటుంది:

```
B0 10 40
```

కంప్యూటర్ వాళ్లు వాడే పదహారు అంకెల లెక్కలో రాసినవి ఇవి. మొదటిది ‘ఇది కంట్రోలర్ సందేశం, ఒకటో ఛానల్ మీద వస్తోంది’ అని చెబుతుంది. రెండోది కంట్రోలర్ నంబరు. 10 అంటే మన మామూలు లెక్కలో 16. మూడోది నాబు ఎంత తిరిగిందో చెప్పే విలువ. 40 అంటే మన 64. ఈ విలువ 0 నుంచి 127 దాకా, అంటే 128 మెట్లు మాత్రమే ఉంటుంది. ఆ 128 గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాం. కంట్రోలర్ నంబర్లు కూడా 0 నుంచి 127 దాకానే. వీటినే వాడుకలో సీసీ నంబర్లు అంటారు, తెర మీద CC 16 అని కనిపిస్తుంది.

ఈ భాష 1983 నాటిది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ కంపెనీ సింథ్‌నీ, రోలాండ్ కంపెనీ సింథ్‌నీ ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది మోగేలా చూపించారు. ఆ పనికి ముందుండి నడిపిన డేవ్ స్మిత్, ఇకుటారో కాకెహాషి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఇప్పటి పెట్టెలు యూఎస్‌బీలో తగిలించినా మాట్లాడేది దాదాపు ఆ భాషే.

ఇక పని. ఉదాహరణకి డా గా రీపర్‌నీ, పెట్టెగా కోర్గ్ నానోకంట్రోల్2నీ, సింథ్‌గా వైటల్‌నీ తీసుకుంటాను. రీపర్‌ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, వైటల్‌కి ఉచిత వెర్షన్ ఉంది, నానోకంట్రోల్2 చవక రకాల్లో బాగా అమ్ముడుపోయింది. మీ దగ్గర వేరేవి ఉన్నా తర్కం మారదు, మెనూల పేర్లు మారతాయి.

ముందు రీపర్‌కి పెట్టెని పరిచయం చెయ్యాలి. Preferences లో మిడి పరికరాల పేజీకి వెళితే (వెర్షన్‌ని బట్టి పేరు MIDI Devices అనో, MIDI Inputs అనో ఉంటుంది) పెట్టె పేరు కనిపిస్తుంది. దాని మీద కుడి క్లిక్ చేస్తే రెండు వేర్వేరు అనుమతులు ఉంటాయి. ఒకటి Enable input, ఇంకొకటి Enable input for control messages. మొదటిది పెట్టె పంపే అంకెలు ట్రాక్‌లోకి, అంటే సింథ్‌లోకి వెళ్లడానికి. రెండోది అవే అంకెలు రీపర్ చెవిన పడటానికి. మొదటిది మాత్రమే పెట్టి, లెర్న్ చేసిన నాబు ఎందుకు స్పందించట్లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది. ప్రస్తుతానికి రెండూ పెట్టండి.

ఆ తర్వాత ప్యాడ్ ఉన్న ట్రాక్‌లో వైటల్ తెరిచి, మొదటి ఫిల్టర్ కటాఫ్‌ని మౌస్‌తో కాస్త కదపండి. ఈ కదపడం ముఖ్యం. చివరగా ముట్టుకున్న పారామీటర్ ఏదో రీపర్ గుర్తుపెట్టుకునేది దీని వల్లే. ప్లగిన్ కిటికీ పైన Param అనే మీట ఉంటుంది. అది నొక్కి Learn ఎంచుకుంటే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఇప్పుడు నానోకంట్రోల్2 మీద మొదటి నాబు తిప్పండి. ఆ గడిలో ఒకటో ఛానల్, CC 16 అని పడుతుంది. ఓకే నొక్కితే అయిపోయింది. అదే పద్ధతిలో రివర్బ్ పాలు నిర్ణయించే పారామీటర్‌ని రెండో నాబుకి, అంటే CC 17కి కట్టండి. ఇప్పుడు కుడిచేత్తో ఒకటి పెంచుతూ, ఎడమచేత్తో ఇంకొకటి తగ్గించొచ్చు.

గడిలో CC బదులు వేరే ఏదైనా పడినా, అసలు ఏమీ పడకపోయినా పెట్టె వేరే మోడ్‌లో ఉందని అర్థం. నానోకంట్రోల్2 లాంటివి కొన్ని పెద్ద మిక్సింగ్ బల్లల్ని అనుకరించే మోడ్‌లో కూడా నడుస్తాయి. అలాంటి మోడ్‌లో ఫేడర్లు సీసీలకి బదులు పిచ్ బెండ్ సందేశాలు పంపుతాయి. పుస్తకంలో చెప్పిన మీటలు నొక్కిపట్టి యూఎస్‌బీ తగిలిస్తే పెట్టె మామూలు సీసీ మోడ్‌లోకి వస్తుంది.

నాబులు కుదిరాయి కదా అని అదే ఊపులో ఫేడర్లూ మీటలూ కట్టడం మొదలుపెడితే అక్కడ వస్తుంది తిరకాసు. నానోకంట్రోల్2 ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఫేడర్లు CC 0 నుంచి 7 దాకా పంపుతాయి. నాబులు 16 నుంచి 23 దాకా. ప్రతి వరసలో ఉండే R మీటలు 64 నుంచి 71 దాకా. పెట్టె చేసినవాళ్లు వరసగా అంకెలు వేసుకుంటూ పోయారు. కానీ మిడి భాషలో కొన్ని అంకెలకి నలభై ఏళ్లుగా స్థిరమైన అర్థాలున్నాయి. 1 అంటే మాడ్యులేషన్, కీబోర్డు పక్కన ఉండే చక్రం. 7 అంటే వాల్యూమ్. 64 అంటే పియానో కింద కాలితో తొక్కే సస్టెయిన్ పెడల్. ఈ అంకెలు సింథ్‌లోకి వెళితే సింథ్ వాటిని అలాగే అర్థం చేసుకుంటుంది. అంటే మొదటి వరసలో R మీట నొక్కి, అది నొక్కిన స్థితిలోనే ఉంటే, ట్రాక్‌లో ఉన్న పియానోకి ఎవరో పెడల్ తొక్కి పట్టుకున్నట్టే. స్వరాలు ఆగవు. రెండో ఫేడర్‌ని కటాఫ్‌కి కట్టి పైకి తోస్తే కటాఫ్‌తో పాటు మాడ్యులేషన్ కూడా పెరిగి ప్యాడ్ వణకడం మొదలవుతుంది. ఎనిమిదో ఫేడర్ కిందికి దించితే కొన్ని శాంప్లర్లలో మొత్తం వాద్యమే మౌనం వహిస్తుంది, ఎందుకంటే అది పంపేది CC 7.

తేలికగా తెలుసుకునే గుర్తు ఇదే. మీరు కట్టిన పారామీటర్ కదులుతోంది, దాంతో పాటు మీరు కట్టనిది కూడా ఏదో కదులుతోంది అంటే అంకె రెండు చోట్లకి వెళుతోంది. దీనికి నాకు నచ్చిన విరుగుడు ట్రాక్ దగ్గర ఉంది. ట్రాక్ ఇన్‌పుట్‌గా అన్ని మిడి పరికరాలూ అని కాకుండా, మీరు వాయించే కీబోర్డు ఒక్కదాన్నే ఎంచుకోండి. అప్పుడు పెట్టె అంకెలు రీపర్‌కి చేరతాయి కానీ సింథ్‌లోకి పోవు. రెండో దారి పెట్టెలోని నంబర్లే మార్చడం. కోర్గ్ తన ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే ఇస్తుంది. మిడి ప్రమాణంలో ఏ అర్థమూ ఇవ్వకుండా వదిలేసిన నంబర్లు 20 నుంచి 31 దాకా, 102 నుంచి 119 దాకా ఉన్నాయి. అక్కడికి మారిస్తే గొడవ ఉండదు. 120 పైన మాత్రం పోకండి. అవి ‘అన్ని స్వరాలూ ఆపెయ్’ లాంటి ఆజ్ఞలకి కేటాయించినవి.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. లెర్న్ అనే మాట మీకు రెండు చోట్ల కనిపిస్తుంది, అవి రెండూ ఒకటి కావు. ఇప్పటిదాకా చెప్పింది డా చేసే లెర్న్. వైటల్ లాంటి సింథ్‌లో నాబు బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే దాని సొంత మిడి లెర్న్ కూడా ఉంటుంది. మొదటి పద్ధతిలో అంకెని రీపర్ అందుకుని, ప్లగిన్ పారామీటర్‌ని తనే కదుపుతుంది. రెండో పద్ధతిలో అంకె ట్రాక్ గుండా ప్రయాణించి ప్లగిన్ లోపలికి వెళ్లి, అక్కడ అర్థమవుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ నిత్యం ఎదురయ్యే ఇబ్బందుల్లో సగం దీని నుంచే పుడతాయి.

ప్లగిన్ లెర్న్ పనిచెయ్యాలంటే ఆ ట్రాక్ మిడిని అందుకునే స్థితిలో ఉండాలి, అంటే రికార్డుకి సిద్ధంగా ఎర్ర మీట నొక్కి ఉండాలి. వేరే ట్రాక్‌కి మారగానే నాబు నిర్జీవమైపోతుంది. తిరిగి మొదటి ట్రాక్ మీదకి వస్తే మళ్లీ ప్రాణం వస్తుంది. నాబు ఒకసారి పనిచేసి ఒకసారి పనిచెయ్యడం లేదంటే నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం. అసలు గాత్రం మీద పెట్టే ఈక్యూ, కంప్రెసర్ లాంటి ప్లగిన్లలో చాలావాటికి సొంత లెర్న్ ఉండనే ఉండదు, అక్కడ డా లెర్న్ తప్ప గత్యంతరం లేదు.

ముడి ఎక్కడ నిల్వ ఉంటుందన్నదీ ఇక్కడే తేలుతుంది. రీపర్ చేసిన లెర్న్ ఆ ప్రాజెక్టు ఫైలులో, ఆ ప్లగిన్ ప్రతికి అంటుకుని ఉంటుంది. RPP ఫైలు మామూలు అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే `PARMLEARN` తో మొదలయ్యే వరసలు కంటికి కనిపిస్తాయి. దీని పర్యవసానం ఏమిటంటే, కొత్త ప్రాజెక్టు తెరిచి కొత్తగా వైటల్ పెడితే అందులో మీ ముడులేవీ ఉండవు. చాలామంది ‘లెర్న్ చెరిగిపోయింది’ అంటారు. చెరగలేదు, పాత ప్రాజెక్టులోనే భద్రంగా ఉంది. ట్రాక్‌ని ముడులతో సహా ట్రాక్ టెంప్లేట్‌గా దాచుకుని, కొత్త పాటలో దాన్నే తెచ్చుకోవడం తేలిక. ప్లగిన్ల సొంత లెర్న్ మాత్రం దేని పద్ధతి దానిది. కొన్ని ప్రాజెక్టుతో పాటు దాస్తాయి, కొన్ని ప్రీసెట్‌లో, మరికొన్ని తమ సెట్టింగుల ఫైలులో. ఎఫ్ఎల్ స్టూడియోలో ఈ విషయం కాస్త స్పష్టంగా ఉంటుంది. నాబు మీద కుడి క్లిక్ చేసి Link to controller అంటే ఆ ప్రాజెక్టు వరకే కడుతుంది. Override generic links అంటే అన్ని ప్రాజెక్టులకీ కడుతుంది. నా సలహా: ఒక ప్రాజెక్టులో రెండు రకాల లెర్న్‌లూ కలపకండి. డా లెర్న్ ఒక్కటే వాడండి. ముడి ఎక్కడుందో వెతకాల్సి వచ్చినప్పుడు వెతికే చోటు ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు ప్రాజెక్టు మూసేసి మర్నాడు తెరిచారనుకోండి. తెర మీద కటాఫ్ నిన్న ఆపిన చోట, లెక్కకి 30 దగ్గర ఉంది. చేతి కింది నాబు మాత్రం నిన్న రాత్రి ఇంకో పనికి వాడటం వల్ల 90 దగ్గర ఉంది. ఈ నాబుకి మోటారు లేదు కాబట్టి తెరని చూసి తనంతట తాను తిరగలేదు. మీరు కాస్త కదపగానే 91 అనే అంకె వెళుతుంది. 30 మీదున్న కటాఫ్ ఒక్కసారిగా 91కి దూకుతుంది. ఫిల్టర్ అయితే చెవికి ‘టప్’ మంటుంది, అంతే. అదే నాబుని ఏ గెయిన్ పారామీటర్‌కో కట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటే చెవులకి ప్రమాదం.

రీపర్ లెర్న్ పెట్టెలో Soft takeover అని ఒక గడి ఉంటుంది. అది టిక్ పెడితే, నాబు పంపే అంకె తెర మీది విలువని దాటేదాకా రీపర్ దాన్ని పట్టించుకోదు. పై ఉదాహరణలో మీరు నాబుని 90 నుంచి వెనక్కి తిప్పాలి. 80, 60, 40 దగ్గర ఏమీ జరగదు. 30ని తాకగానే పట్టు దొరుకుతుంది, అక్కడి నుంచి రెండూ కలిసి కదులుతాయి. దూకుడు పోతుంది. దానికి బదులు కొత్త అనుమానం వస్తుంది, నాబు పనిచెయ్యట్లేదేమో అని. అలా అనిపిస్తే మళ్లీ లెర్న్ చెయ్యడానికి ముందు నాబుని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి పూర్తిగా తిప్పండి. మధ్యలో ఎక్కడో పట్టు దొరికితే అది సాఫ్ట్ టేకోవర్, చిక్కేమీ లేదు.

ఏబుల్టన్ లైవ్‌లో దీనికి మూడో మార్గం కూడా ఉంది, Value Scaling అని. అందులో నాబు కదిలిన వెంటనే పారామీటరూ కదులుతుంది, కానీ చిన్నపాటి నిష్పత్తిలో. నాబు 90 నుంచి 0కి దిగేలోపు కటాఫ్ 30 నుంచి 0కి దిగి, రెండూ అడుగున కలుసుకుంటాయి. వేదిక మీద వాయించేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే చెయ్యి పెట్టగానే స్పందన ఉంటుంది. స్టూడియోలో మాత్రం నేను సాఫ్ట్ టేకోవర్ వైపే మొగ్గుతాను.

ఈ గొడవంతా లేకుండా చుట్టూ ఎంతసేపైనా తిరిగే నాబులున్న పెట్టెలు దొరుకుతాయి. అవి ‘నేను 90 దగ్గర ఉన్నాను’ అని చెప్పవు, ‘ఒక మెట్టు పైకి’, ‘ఒక మెట్టు కిందికి’ అని చెబుతాయి. తెర ఎక్కడుంటే అక్కడి నుంచే కదులుతుంది. అయితే పైకి, కిందికి అన్న మాటలకి కంపెనీలు తలో అంకె వాడతాయి. ఒక రకం పెట్టె పైకి 1, కిందికి 127 పంపుతుంది. దాన్ని మామూలు పద్ధతిలో లెర్న్ చేస్తే కుడికి తిప్పగానే పారామీటర్ అడుక్కి పడిపోతుంది, ఎడమకి తిప్పగానే చివరికి ఎగురుతుంది. ఈ లక్షణం కనిపిస్తే లెర్న్ పెట్టెలో Absolute బదులు మూడు Relative పద్ధతుల్లో సరిపోయేది ఎంచుకోవాలి. ఒకటి కుదరకపోతే ఇంకోటి.

ఇక ఆ 128 మెట్ల దగ్గరికి వద్దాం. ప్లగిన్ లోపల పారామీటర్ అంటే 0 నుంచి 1 దాకా ఉండే దశాంశ సంఖ్య, దానికి మెట్లు చాలా సన్నగా ఉంటాయి. మన నాబుకి ఉన్నవి 128. వాల్యూమ్ లాంటి వాటిలో ఈ తేడా పెద్దగా తెలియదు. కటాఫ్‌లో మాత్రం తెలుస్తుంది. మనిషి వినగలిగే 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కటాఫ్ తిరుగుతుందనుకుందాం. అది దాదాపు పది స్థాయిలు, అంటే పది ఆక్టేవులు. దాన్ని 127 అడుగులుగా పంచితే ఒక్కో అడుగు 94 సెంట్లు వస్తుంది. ఒక అర్ధస్వరం 100 సెంట్లు. అంటే నాబు ఒక్క మెట్టు కదిలితే కటాఫ్ దాదాపు షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి ఉన్నంత దూరం దూకుతుంది. ఫిల్టర్‌లో రెజొనెన్స్ బాగా పెంచి, ఒకే స్వరం నొక్కి పట్టుకుని, నాబుని చాలా నెమ్మదిగా తిప్పి వినండి. గమకంలా జారాల్సిన ఈల హార్మోనియం మెట్ల మీద నడిచినట్టు వినిపిస్తే మెట్లు బయటపడుతున్నట్టు. చాలా ప్లగిన్లు మెట్టుకీ మెట్టుకీ మధ్య తామే నున్నగా చేసుకుంటాయి కాబట్టి వేగంగా తిప్పినప్పుడు ఇది తెలియదు. నెమ్మదిగా తిప్పినప్పుడే దొరుకుతుంది.

దీనికి మందు పరిధిని కుదించడం. పాటలో మీకు నిజంగా కావాల్సింది 500 నుంచి 5,000 హెర్ట్జ్ మాత్రమే అనుకోండి. నాబు మొత్తం తిరుగుడుని ఆ మేరకే పరిమితం చేస్తే ఒక్కో మెట్టు 31 సెంట్లకి తగ్గుతుంది, చెవికి దాదాపు నున్నగా జారుతుంది. లైవ్‌లో ఇది చాలా తేలిక. కంట్రోల్‌తో కలిపి M నొక్కి మ్యాపింగ్ మోడ్‌లోకి వెళితే ప్రతి ముడి పక్కనా కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గడులుంటాయి. అవి తారుమారు చేస్తే నాబు వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. అంటే కటాఫ్ పెంచే నాబుకే రివర్బ్‌ని తిరగేసి కడితే, ఒకటి పెరుగుతూ రెండోది తగ్గడం ఒంటి చేత్తోనే అయిపోతుంది. రీపర్ లెర్న్ పెట్టె ఇంత సౌకర్యం ఇవ్వదు. అక్కడ Parameter modulation కిటికీలో మిడి లింకు పెట్టి, Offset, Scale అనే రెండు విలువలతో అదే పని సాధించాలి. అయితే ఆ లింకుకి అంకె ట్రాక్ గుండానే రావాలి. ఇందాక ట్రాక్ ఇన్‌పుట్‌ని కీబోర్డుకే పరిమితం చేశారు కదా, ఆ ట్రాక్‌కి మళ్లీ తెరవాల్సి ఉంటుంది. 2020లో వచ్చిన మిడి 2.0లో కంట్రోలర్ విలువకి 32 బిట్లు ఇచ్చారు, అంటే మెట్ల బెడద అక్కడ లేదు. బజారులో దొరికే చవక పెట్టెలు మాత్రం ఇంకా 128 దగ్గరే ఉన్నాయి.

నాబు తిప్పితే కదలడం వేరు, ఆ కదలిక పాటలో మిగిలిపోవడం వేరు. రెండోదాన్ని ఆటోమేషన్ అంటారు. రీపర్‌లో ట్రాక్‌కి Touch, Latch, Write అని రాసే పద్ధతులుంటాయి. టచ్ పద్ధతి, చెయ్యి ఉన్నంతసేపే రాసి, చెయ్యి తీయగానే పాత విలువకి తిరిగి వెళుతుంది. ఖరీదైన మిక్సింగ్ బల్లల్లో ఫేడర్ మీద వేలు ఉందో లేదో తెలిసే ఏర్పాటు ఉంటుంది. మన చిన్న పెట్టెలో అది లేదు. చెయ్యి నాబు మీదే పెట్టుకుని కదపకుండా ఆగారనుకోండి, మీరు చెయ్యి తీసేశారనే డా అనుకుంటుంది. నాలుగో బారులో కటాఫ్‌ని పైన నిలిపి ఉంచాలనుకుంటే అది మీ ప్రమేయం లేకుండా కిందికి జారిపోతుంది. కాబట్టి ఇలాంటి పెట్టెలతో లాచ్ వాడాలి. ముట్టుకున్న క్షణం నుంచి రాయడం మొదలుపెట్టి, పాట ఆపేదాకా చివరి విలువనే పట్టి ఉంచుతుంది. రాయడం అవగానే ట్రాక్‌ని Read కి మార్చడం మరిచిపోవద్దు. లేదంటే మళ్లీ పాట నడుస్తుండగా మోచెయ్యి తగిలినా మీరు బాగా కుదిరిందనుకున్న గీత మీద కొత్త గీత పడుతుంది.

రీడ్‌లోకి మార్చాక నాబు తిప్పితే బొమ్మ కాస్త కదిలి మళ్లీ తన చోటికే వచ్చేస్తుంది. ఇదీ చాలామందిని కంగారు పెడుతుంది. ముడి తెగలేదు. రాసిన గీతే ఇప్పుడు యజమాని, అది చెప్పిన చోటే కటాఫ్ ఉంటుంది. మార్చాలంటే మళ్లీ లాచ్ పెట్టి తిప్పాలి, లేదా గీతని మౌస్‌తో సరిచెయ్యాలి. నా పద్ధతి ఈ రెంటి మధ్యది. చేత్తో ఒకసారి తిప్పి రాసుకుంటాను. గీత మీద వందల చుక్కలు పడతాయి, రీపర్‌లో వాటిని పలచన చేసే ఆజ్ఞ ఉంది, దాన్ని వాడి పదో పదిహేనో మిగుల్చుకుంటాను. ఆ తర్వాత చివరి చుక్క పల్లవి మొదటి మాత్ర మీద సరిగ్గా పడిందో లేదో మౌస్‌తో చూసుకుంటాను. ఆకారం చేతిది, అంచు మౌస్‌ది.

ఎనిమిది నాబులున్నాయి కదా అని ఎనిమిదింటికీ ప్రతి పాటలో కొత్త పని అప్పగించడం వృథా. ఏ నాబు ఏం చేస్తుందో తెర చూసి వెతుక్కోవాల్సి వస్తే మౌసే నయం. మొదటిది ఎప్పుడూ కటాఫ్, రెండోది ఎప్పుడూ రివర్బ్, మూడోది డిలే, నాలుగోది గాత్రం కంప్రెసర్ త్రెషోల్డ్, ఇలా నాలుగు చాలు. అన్ని పాటల్లోనూ అవే. వాటిని ట్రాక్ టెంప్లేట్లలో దాచుకుని, నాబుల కింద తెల్ల టేపు మీద పేర్లు రాసుకోండి. మిగతా నాలుగూ ఖాళీగానే వదిలెయ్యండి. ఎప్పుడో ఒక పాట అడుగుతుంది, అప్పుడు లెర్న్ చెయ్యడానికి రెండు సెకన్లు చాలు.